పాత ఆన్సర్ స్క్రిప్టు ఎంతకాలం ఉంటుంది, ఏళ్ల తర్వాత యూనివర్సిటీలో ఏం దొరుకుతుంది

ప్రశ్న: 2004-07లో గుంటూరులో ఒక ఎయిడెడ్ కాలేజీలో బీకాం చదివాను, నాగార్జున యూనివర్సిటీ. రెండో ఏడాది స్టాటిస్టిక్స్‌లో ఫెయిల్ అని వచ్చింది, నేనైతే బాగా రాశాను. తర్వాత సప్లిమెంటరీలో పాసయ్యాను. అప్పటి పేపరు ఇప్పుడు ఆర్టీఐ పెట్టి తీసుకోవచ్చా? ఇల్లు మారినప్పుడు మెమోలన్నీ పోయాయి, హాల్ టికెట్ నంబరు కూడా గుర్తులేదు. కెనడా కోసం డబ్ల్యూఈఎస్ అనే సంస్థ దగ్గర నా డిగ్రీ మదింపు చేయించాలి. ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

ఆ పేపరు ఇక లేదండీ. మీ మార్కులు మాత్రం ఉన్నాయి. ఈ రెండింటికీ ఎందుకింత తేడా వచ్చిందో తెలిస్తే మీరు ఎవరిని ఏం అడగాలో తేలిగ్గా తెలుస్తుంది. నేను ఒక యూనివర్సిటీ పరీక్షల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను కాబట్టి లోపల జరిగే పద్ధతి చెబుతాను.

డిగ్రీ పరీక్షలకు అనుబంధ కాలేజీలన్నిటి నుంచీ వచ్చే స్క్రిప్టులు లక్షల్లో ఉంటాయి. స్పాట్ వాల్యుయేషన్ అయ్యాక కట్టలు గోడౌన్‌కి వెళ్తాయి. ఫలితాలు వచ్చాక రీకౌంటింగ్, రీవాల్యుయేషన్ గడువు నడుస్తుంది. ఆ దరఖాస్తులకు సంబంధించిన స్క్రిప్టులు బయటికి తీసి, పని పూర్తయ్యాక మళ్లీ లోపల పెడతారు. ఆ తర్వాత ప్రతి యూనివర్సిటీకీ తన నియమాల్లో రాసుకున్న నిల్వ గడువు ఒకటి ఉంటుంది. అది సాధారణంగా నెలల లెక్కే, మహా అయితే ఏడాది. గడువు తీరాక పారవేత ఉత్తర్వు వేసి, టెండర్ పిలిచి, మళ్లీ ఎవరి చేతిలోనూ పడకుండా గుజ్జు చేయాలన్న షరతుతో కాగితం మిల్లుకి ఇస్తారు. మీ 2006 స్క్రిప్టు మీరు ఫైనలియర్ పూర్తి చేసేనాటికే ఆ దారిన పోయి ఉంటుంది. కోర్టు కేసులో ఉన్నవి, మాల్‌ప్రాక్టీస్ కింద బుక్ అయినవి మాత్రం ఆ వ్యవహారం తేలేదాకా విడిగా సీలు వేసి ఉంచుతారు. మీది అలాంటిది కాదు.

ఆర్టీఐ గురించి మీరు విన్నది నిజమే. 2011 ఆగస్టు 9న సుప్రీంకోర్టు సీబీఎస్ఈ వర్సెస్ ఆదిత్య బందోపాధ్యాయ కేసులో, విద్యార్థి తన దిద్దిన స్క్రిప్టు చూసుకోవచ్చు, ధ్రువీకరించిన నకలు కూడా తీసుకోవచ్చు అని చెప్పింది. చాలామంది ఆ తీర్పులో అంతవరకే చదువుతారు. అదే తీర్పులో ఇంకో భాగం ఉంది: సంస్థ నియమాల ప్రకారం రికార్డు ఉంచాల్సిన గడువులో అడిగితేనే ఆ హక్కు పనిచేస్తుంది. ఉదాహరణగా సీబీఎస్ఈకి ఫలితాలు వచ్చిన నాటి నుంచి 3 నెలలు, మరో సంస్థకు 6 నెలలు అనుకుంటే, ఆ గడువు దాటాక అడిగినవారికి 'లేదు' అని చెప్పవచ్చు. గడువుకి మించి దాచమని సంస్థను ఆదేశించే అధికారం సమాచార కమిషన్‌కి కూడా లేదని కోర్టు స్పష్టం చేసింది. కాబట్టి మీరు 10 రూపాయలు కట్టి ఆర్టీఐ వేస్తే 'గడువు ముగిసినందున నాశనం చేయబడినది' అన్న ఒక్క వాక్యం జవాబుగా వస్తుంది. అప్పీలు వేసినా ఫలితం అంతే.

ఇది చదువుతున్నవాళ్లలో మొన్న మొన్న పరీక్ష రాసినవాళ్లు ఉంటే వాళ్లకి ఒక మాట. ఫలితం వచ్చిన వారంలోనే దరఖాస్తు పడేయండి. ఆర్టీఐ దరఖాస్తు అందాక, అందులో అడిగిన రికార్డును ధ్వంసం చేస్తే చట్టంలోని 20వ సెక్షన్ కింద సంబంధిత అధికారికి రోజుకి 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా పడవచ్చు. అందుకే అడిగిన స్క్రిప్టుని కట్టలోంచి పక్కకి తీసి పెడతారు. అయితే నకలు చూసుకోవడం వేరు, మళ్లీ దిద్దించుకోవడం వేరు. రీవాల్యుయేషన్ యూనివర్సిటీ నియమాల ప్రకారమే, దాని ఫీజుతో, దాని గడువులో జరగాలి. నకలు కోసం ఎదురుచూస్తూ ఆ గడువు పోగొట్టుకోకండి. ఆర్టీఐ జవాబుకి చట్టం ఇచ్చిన సమయం 30 రోజులు, రీవాల్యుయేషన్ గడువు చాలాసార్లు అంతకంటే చిన్నది. రెండు దరఖాస్తులూ ఒకే రోజు వేయడం మంచిది.

ఇక మీ సంగతికొద్దాం. స్క్రిప్టు మీద దిద్దినవారు వేసిన మార్కులు ముందు అవార్డు లిస్టులోకి ఎక్కుతాయి. దాని మీద మీ పేరు ఉండదు, కోడ్ నంబరే ఉంటుంది. డీకోడింగ్ అయ్యాక ఆ మార్కు మీ హాల్ టికెట్ నంబరుకి చేరి టాబ్యులేషన్ రిజిస్టర్‌లో పడుతుంది. మా వాడుకలో టీఆర్ అంటాం. పెద్ద సైజు కాగితాల మీద, ఒక్కో వరుసలో ఒక్కో విద్యార్థి: నంబరు, పేరు, పేపర్ల వారీగా మార్కులు, మొత్తం, ఫలితం. వాటిని బైండు చేసి సంపుటాలుగా ఉంచుతారు. స్క్రిప్టులు పోయినా, అవార్డు లిస్టులు పోయినా, టీఆర్‌ని మాత్రం శాశ్వత రికార్డుగా కాపాడతారు. డూప్లికేట్ మెమో అయినా, ట్రాన్స్‌క్రిప్ట్ అయినా, ఉద్యోగం ఇచ్చేవాళ్లు పంపే జెన్యూన్‌నెస్ వెరిఫికేషన్ అయినా ఆ సంపుటం తెరిచి, ఆ వరుస చూసే తయారుచేస్తారు.

ఇక్కడ మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. సంపుటాలు విద్యార్థి వారీగా ఉండవు. కోర్సు, సంవత్సరం, పరీక్ష జరిగిన నెల వారీగా ఉంటాయి. మీ రోజుల్లో మన దగ్గర డిగ్రీ ఏడాది పద్ధతి, సెమిస్టర్లు ఇంకా రాలేదు. కాబట్టి మీ రెండో ఏడాది రెగ్యులర్ ఫలితం ఒక సంపుటంలో ఉంటుంది, స్టాటిస్టిక్స్ సప్లిమెంటరీ ఫలితం వేరే సంపుటంలో ఉంటుంది. దరఖాస్తులో 'నేను 2007లో పాసయ్యాను' అని మాత్రమే రాస్తే వెతికేవాళ్లు రెగ్యులర్ సంపుటం తీస్తారు, అందులో మీ పేరు పక్కన ఒక పేపరు ఫెయిల్ కనిపిస్తుంది, ఫైలు అక్కడే ఆగిపోతుంది.

నా సర్వీసులో చూసిన ఒక కేసు దీన్నంతా చూపిస్తుంది. ఆయన 1998లో బీయస్సీ పాసైన మనిషి. ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకి సంస్థ వాళ్లు సర్టిఫికెట్లు వెరిఫికేషన్‌కి పంపితే 'రికార్డుల ప్రకారం ఉత్తీర్ణులు కాలేదు' అని జవాబు వెళ్లింది. మనిషి బెంబేలెత్తిపోయి వచ్చాడు. చేతిలో ప్రొవిజినల్ జిరాక్స్, కన్సాలిడేటెడ్ మెమో ఉన్నాయి. ప్రొవిజినల్ మీద పాసైన నెల సెప్టెంబరు 1998 అని ఉంది. వెరిఫికేషన్ కాగితంలో సంస్థ వాళ్లు 1998 అని మాత్రమే రాశారు, గుమస్తా మార్చి సంపుటం చూసి జవాబు రాసేశాడు. సెప్టెంబరు సంపుటం తీస్తే ఫైనలియర్‌లో మిగిలిపోయిన పేపరు పాస్ అయిన వరుస శుభ్రంగా ఉంది. నెల రాసి మళ్లీ పంపిస్తే సవరించిన జవాబు వెళ్లింది.

ఆ పనిలో ఉండగానే ఇంకో తప్పు బయటపడింది. మెమోలో పేపర్ల మార్కులు కూడితే 941 వస్తున్నాయి, కింద మొత్తం 922 అని ఉంది. తేడా 19. ఆయన రెండో ఏడాదిలో కెమిస్ట్రీ 1997 మార్చిలో 22 తెచ్చుకుని, సెప్టెంబరులో 41తో పాసయ్యాడు. 41 లోంచి 22 తీసేస్తే 19. అంటే పేపరు గడిలో కొత్త మార్కు దించారు, మొత్తం మాత్రం పాత మార్కుతోనే వేశారు. ఇన్నేళ్లకి అది సవరించడం సాధ్యమైందంటే కారణం రుజువు రిజిస్టర్‌లోనే ఉండడం: రెండు సంపుటాల్లో రెండు వరుసలు, ఒక కూడిక. ఆ రెండు పేజీల నకళ్లు జతచేసి దరఖాస్తు పెడితే మెమో మార్చి ఇచ్చారు.

అదే ఆయన 'కెమిస్ట్రీలో నాకు 22 కాదు, 52 రావాలి' అని వచ్చుంటే ఎవరూ ఏమీ చేయలేకపోయేవాళ్లు. దిద్దిన తీరు తప్పో ఒప్పో చెప్పాలంటే స్క్రిప్టు కావాలి. అది లేదు. మీ స్టాటిస్టిక్స్ బాధ కూడా ఈ రెండో రకానిది, అందుకే దాని మీద ఇంకో రూపాయి ఖర్చు పెట్టొద్దని నా సలహా. పేరు అక్షరాల్లో తప్పు, మొత్తంలో తప్పు, సప్లిమెంటరీ మార్కు మెమోలోకి ఎక్కకపోవడం, ఇవన్నీ ఎన్నేళ్లకైనా రిజిస్టర్ చూపించి సరిచేయించుకోవచ్చు. పరీక్ష రాసినా గైర్హాజరు అని పడిన కేసు మధ్యరకం. పరీక్ష హాల్లో సంతకం పెట్టిన హాజరు పత్రం దొరికితేనే అది నిలబడుతుంది, ఆ పత్రాలను కూడా ఎక్కువకాలం ఉంచరు.

ఇప్పుడు హాల్ టికెట్ నంబరు. ఇది లేకుండా పరీక్షల విభాగానికి వెళ్లకండి. పేరుతో వెతకమంటే ఒక్కో సంపుటంలో వేల వరుసలు, ఇంటిపేరు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, ఎవరూ ఓపిగ్గా చూడరు. నంబరు కోసం ముందు మీ కాలేజీకి వెళ్లండి. అక్కడ అడ్మిషన్ రిజిస్టర్, మీరు తీసుకెళ్లిన టీసీ కౌంటర్‌ఫాయిల్, పరీక్ష ఫీజు కట్టినప్పుడు యూనివర్సిటీకి పంపిన నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే విద్యార్థుల జాబితా నకలు ఉండాలి. నామినల్ రోల్ దొరికితే నంబరు దొరికినట్టే. అడ్మిషన్ నంబరు, చేరిన తేదీ తెలిస్తే ఆఫీసులో పనిచేసేవాళ్లు తొందరగా తీస్తారు. అది కూడా తెలియకపోతే మీ టెన్త్ మెమో తీసుకెళ్లండి, పుట్టిన తేదీ, తండ్రిపేరు అందులో ఉన్నట్టే అడ్మిషన్ రిజిస్టర్‌లో రాస్తారు.

నామినల్ రోల్ పోయిందంటే మీ క్లాస్‌మేట్ల మెమో ఒక్కటి సంపాదించండి. ఒక కాలేజీలో ఒక గ్రూపు వాళ్ల నంబర్లు వరుసగా పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఆ నంబరు ఇస్తే టీఆర్‌లో సరైన పేజీ తెరుచుకుంటుంది. అక్కడి నుంచి మీ పేరు వెతకడం రెండు నిమిషాల పని. వాట్సాప్‌లో పాత బ్యాచ్ గ్రూపు ఉంటే ఈ రాత్రే అడగండి. కాలేజీ మూతపడిన వాళ్లకి కూడా ఈ దారే మిగులుతుంది.

నంబరు, రెగ్యులర్ పరీక్ష నెలలు, సప్లిమెంటరీ నెల ఒక కాగితం మీద రాసుకున్నాక యూనివర్సిటీకి వెళ్లండి. మీకు దూరం కాదు, విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే హైవే మీదే, కాజా టోల్‌గేట్ దాటాక నాగార్జున నగర్. వెళ్లేముందు యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో డూప్లికేట్ మెమో, ట్రాన్స్‌క్రిప్ట్ దరఖాస్తులు, అప్పటి ఫీజు చూసుకోండి, అవి మారుతూ ఉంటాయి. పోయిన మెమోలకు సాధారణంగా పోలీసులకి ఫిర్యాదు ఇచ్చి దొరకలేదన్న ధ్రువపత్రం తీసుకోవాలి, నోటరీ అఫిడవిట్ జతచేయాలి. పోయిన ప్రతి కాగితం పేరూ విడివిడిగా రాయించండి: మొదటి ఏడాది మెమో, రెండో ఏడాది మెమో, సప్లిమెంటరీ మెమో, మూడో ఏడాది మెమో, కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజినల్. 'సర్టిఫికెట్లు పోయినవి' అని ఒక్కముక్క రాయించుకుని వచ్చినవాళ్లని సెక్షన్‌లో వెనక్కి పంపడం నేను చాలాసార్లు చూశాను. ఒరిజినల్ డిగ్రీ అసలు తీసుకున్నారా అని కూడా గుర్తుచేసుకోండి. చాలామంది ప్రొవిజినల్‌తోనే సరిపెట్టుకుని డిగ్రీ పట్టాకి దరఖాస్తు చేయలేదు. అలాగైతే అది పోయినట్టు కాదు, మొదటిసారి తీసుకోవడమే. దానికి పోలీసు కాగితం అక్కర్లేదు.

డబ్ల్యూఈఎస్ వాళ్లు మీ చేతిలోని మెమో జిరాక్స్ తీసుకోరు. వాళ్ల సైట్‌లో ఖాతా తెరిస్తే ఒక రిఫరెన్స్ నంబరు, ఒక ఫారం వస్తాయి. ఆ ఫారంలో యూనివర్సిటీ నింపాల్సిన భాగం ఉంటుంది. యూనివర్సిటీ మార్కుల రికార్డు మీద సంతకం, ముద్ర వేసి, కవరు అంటించి, అంటించిన చోట మళ్లీ ముద్ర వేసి నేరుగా పంపాలి. ఆ కవరు మీద మీ రిఫరెన్స్ నంబరు ఉండాలి, లేకపోతే అక్కడికి చేరినా మీ ఫైలుకి జతకాదు. ఎలక్ట్రానిక్‌గా పంపే పద్ధతి ఉందేమో సెక్షన్‌లో అడగండి, ఉంటే అదే తొందర. ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఫెయిలైన ప్రయత్నం కూడా చూపించే అవకాశముంది. దానికి కంగారుపడకండి, మదింపు చేసేవాళ్లు చివరికి పాసైన మార్కు, డిగ్రీ వచ్చిన తేదీ చూస్తారు.

మరి ఆర్టీఐ ఎక్కడ పనికొస్తుంది? సర్టిఫికెట్ తయారుచేసి ఇమ్మని ఆర్టీఐలో అడగలేం, ఉన్న కాగితం నకలే అడగగలం. డూప్లికేట్ మెమోకి ఫీజు కట్టే దారి వేరే ఉంది కాబట్టి దానికి ఆర్టీఐ పెడితే 'నిర్ణీత పద్ధతిలో దరఖాస్తు చేసుకోండి' అంటారు. ఫీజు కట్టి దరఖాస్తు ఇచ్చాక నెలలు గడిచినా కదలకపోతే, లేదా 'రికార్డు దొరకడం లేదు' అని నోటిమాటగా చెబితే అప్పుడు పెట్టండి. నేనైతే ఇలా రాస్తాను, తెలుగులోనే రాయవచ్చు:

'ఫలానా హాల్ టికెట్ నంబరుకు సంబంధించి, బీకాం రెండో సంవత్సరం 2006 రెగ్యులర్ పరీక్ష, తదుపరి సప్లిమెంటరీ పరీక్షల టాబ్యులేషన్ రిజిస్టర్లలో నా వరుస ఉన్న పేజీల ధ్రువీకృత నకళ్లు ఇవ్వగలరు. ఫలానా తేదీన ఫలానా రసీదు నంబరుతో ఇచ్చిన నా డూప్లికేట్ మెమో దరఖాస్తుపై తీసుకున్న చర్యల ఫైలు నోటు నకలు ఇవ్వగలరు. ఆ రిజిస్టర్లు లేనట్లయితే వాటిని నాశనం చేయడానికి ఇచ్చిన ఉత్తర్వు నకలు, రికార్డుల నిల్వ గడువు నియమాల నకలు ఇవ్వగలరు.'

చివరి వాక్యం తీసేయకండి. టీఆర్‌ని నాశనం చేయమని ఉత్తర్వు దాదాపు ఉండదు. ఆ ఉత్తర్వు చూపించమని రాతపూర్వకంగా అడిగితే, నోటితో 'దొరకడం లేదు' అన్నవాళ్లు మరోసారి రికార్డు రూమ్‌కి వెళ్తారు. పేజీ మీద మిగతా విద్యార్థుల మార్కులు కప్పేసి మీ వరుస మాత్రమే ఇస్తే అభ్యంతరం చెప్పకండి, 10వ సెక్షన్ ప్రకారం అది సరైనదే. రాష్ట్రంలో యూనివర్సిటీకి దరఖాస్తు ఫీజు 10 రూపాయలు, మామూలు సైజు పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా 30 రోజుల్లోగా అదే యూనివర్సిటీలో మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు.

ఒక్క ముందుజాగ్రత్త, మీకు కాకపోయినా మీ చుట్టూ ఉన్న వేరే బ్యాచ్‌ల వాళ్లకి. నాగార్జున యూనివర్సిటీ 1976లో వచ్చింది. అంతకుముందు గుంటూరు, కృష్ణా జిల్లాల్లో డిగ్రీ చదివినవాళ్ల రికార్డులు విశాఖపట్నంలో ఆంధ్రా యూనివర్సిటీలో ఉంటాయి. 2008లో మచిలీపట్నంలో కృష్ణా యూనివర్సిటీ పెట్టాక కృష్ణా జిల్లా కాలేజీలు అటు మారాయి. కాలేజీ ఇప్పుడు ఏ యూనివర్సిటీ కింద ఉందో చూసి వెళ్లొద్దు, మీ మెమో పైభాగాన ఏ యూనివర్సిటీ పేరు అచ్చయి ఉందో అక్కడికే వెళ్లాలి. మెమో లేకపోతే క్లాస్‌మేట్ మెమో చూసి తెలుసుకోండి.

డూప్లికేట్ మెమో చేతికొచ్చాక కౌంటర్ దగ్గరే నిలబడి స్టాటిస్టిక్స్ గడిలో సప్లిమెంటరీ మార్కు, పాసైన నెల సరిగ్గా పడ్డాయా చూసుకోండి. పేపర్ల మార్కులు కూడి కింది మొత్తంతో సరిపోల్చండి. పేరు అక్షరాలు పాస్‌పోర్టులోలా ఉన్నాయా చూడండి. తేడా ఉంటే ట్రాన్స్‌క్రిప్ట్‌కి డబ్బు కట్టకముందే సవరణ దరఖాస్తు ఇవ్వండి, ఎందుకంటే సీలు వేసిన కవరు కెనడా చేరాక అందులో తప్పు ఉన్నట్టు తేలితే ఫీజు, కవరు, ఎదురుచూపు మళ్లీ మొదటి నుంచి.